పరీక్షకందని వారం

ఆ గదికి వచ్చే గొట్టాల మీద పేర్లుండవు, నంబర్లే ఉంటాయి. ఎవరి రక్తమో తెలియకుండా పరీక్షించాలన్నది అక్కడి పద్ధతి. అందుకే ఆ ఉదయం పలకలో ఒక గుంత పసుపురంగు తిరిగితే పరీక్షలాయన పెద్దగా ఉలిక్కిపడలేదు. అప్పుడప్పుడూ అలా తిరుగుతూనే ఉంటాయి.

ఆ బ్లడ్ బ్యాంకులో అందరూ ఆయన్ని పరీక్షలాయన అనే అంటారు. జుట్టు నెరిసేదాకా ఆ కిటికీ పక్క బల్ల దగ్గరే గడిపాడు. పలకంటే అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ముక్క. దాని నిండా వరసలు వరసలుగా చిన్న గుంతలు. ఒక్కో గుంతలో ఒక్కో దాత నెత్తుటి తేట. దాని మీద మందు పోయాలి, వెచ్చగా ఉంచాలి, కడగాలి, మళ్ళీ మందు, మళ్ళీ కడగడం. ఆఖరున రంగుమందు. రోగం ఆనవాలు ఉంటే రంగు లేస్తుంది, లేకపోతే గుంత నీళ్ళలా ఉండిపోతుంది. హెచ్ఐవికి ఒక పలక, కాలేయాన్ని తినే రెండు రకాల హెపటైటిస్‌లకి రెండు పలకలు, సవాయి రోగానికి, అదే సిఫిలిస్‌కి, ఒక పరీక్ష, మలేరియాకి ఇంకొకటి. అన్నింట్లోనూ గట్టెక్కాకే సంచి బయటి ఫ్రిజ్‌లోకి వస్తుంది. అప్పటిదాకా లోపలి ఫ్రిజ్‌లో తాళం కింద ఉండాల్సిందే.

రంగు లేచింది హెచ్ఐవి పలకలో. అదే గొట్టంలోంచి మళ్ళీ తీసి రెండు గుంతల్లో పోశాడు. రెండూ పసుపయ్యాయి. సంచికి అతికి ఉండే సన్నని గొట్టం ముక్క కత్తిరించి అందులోంచి తీసి పోశాడు. అదీ పసుపయింది. అప్పుడిక నంబరు రాసి డాక్టరమ్మకి ఇచ్చాడు.

డాక్టరమ్మ ఆ బ్లడ్ బ్యాంకుకి అధికారి. ఆవిడ నంబరు కంప్యూటర్లో కొట్టి, పేరు చదివి, కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"మేస్త్రీ" అంది.

పరీక్షలాయన నంబరు చీటీ మళ్ళీ చదివాడు.

వడ్రంగి మేస్త్రీని ఎరగని వాళ్ళు ఆ భవనంలో లేరు. ఏళ్ళ తరబడి, గడువు రాగానే తనంతట తనే వచ్చి రక్తం ఇచ్చి పోతాడు. సూది గుచ్చుతుంటే "ఇంతేనా? చెక్కకి చిల్లి పెట్టే మా బర్మా చూపించనా తల్లీ?" అని నర్సుల్ని నవ్విస్తాడు. ఇచ్చిన బిస్కెట్లు సగం తిని, సగం జేబులో వేసుకుని, "ఇవి మా ఆవిడకి లంచం. నీరసం వస్తుందని తిడుతుంది కదా" అంటాడు. ఆ చేతులు చూస్తే, ఒక్కో వేలు ఉలిపిడి అంత ఉంటుంది.

"పోయినసారి ఇచ్చింది వెనక్కి వెతకాలి" అంది డాక్టరమ్మ. "అప్పుడు శుభ్రంగానే ఉంది. కానీ అప్పటికీ ఇప్పటికీ మధ్యలో ఎప్పుడు అంటుకుందో మనకి తెలియదు. అప్పటికే లోపలికి వచ్చేసి ఉంటే?"

వెనక్కి వెతకడమంటే ఏమిటో ఆయనకి చెప్పక్కర్లేదు. ఒకరిచ్చిన రక్తం ఒకరికే పోదు. సంచిని గిర్రున తిప్పితే ఎర్రకణాలు అడుక్కి, తేట పైకి, ప్లేట్‌లెట్లు మధ్యకి చేరతాయి. మూడూ మూడు దారులు పడతాయి. డాక్టరమ్మ ఒక్కోటీ చదివింది. ప్లేట్‌లెట్లు జ్వరాల వార్డులో ఒక పెద్దాయనకి ఎక్కాయి, ఆయన ఆ వారంలోనే తన జబ్బుతోనే పోయాడు. తేట ఎవరికీ పోలేదు. గడ్డకట్టి ఇంకా ఇక్కడే, లోపలి ఫ్రీజర్లో ఉంది.

"ఇక ఎర్రకణాలు..." అంటూ ఆవిడ తెర మీదికి వంగింది.

"మా మేనకోడలికి" అన్నాడు పరీక్షలాయన.

ఆవిడ తల తిప్పి చూసింది.

"చూడక్కర్లేదమ్మా. నేనే తీసిచ్చాను."

అది ఆయన మరిచిపోయేది కాదు. మేనకోడలికి ఈ హాస్పిటల్లోనే పురుడొచ్చింది. బిడ్డ బయటపడ్డాక నెత్తురు ఆగలేదు. అక్క చెప్పుల్లేకుండా మెట్లు దిగి వచ్చి, కౌంటరు ముందు కూలబడి, "తమ్ముడూ, దాని మొహం సున్నంలా అయిపోతోందిరా" అని ఏడ్చింది. ఆయన సరిపోల్చే పరీక్ష చేసి ఫ్రిజ్ తలుపు తీశాడు. అక్కడ ఒక పద్ధతి ఉంది. పాత సంచి ముందు వరసలో, కొత్త సంచి వెనక వరసలో. ఎవరొచ్చినా ముందు వరసలోదే ఇవ్వాలి. లేకపోతే పాతవి గడువు దాటి మట్టిపాలవుతాయి. ఎంత పెద్దవాళ్ళ సిఫారసు వచ్చినా ఆయన ఆ వరస తప్పలేదు. తప్పబోయిన వాళ్ళని కసిరాడు కూడా.

ఆవేళ మాత్రం చెయ్యి ముందు వరస దాటి వెనక్కి పోయింది. ముందున్న సంచి ఎవరిదో తెలియదు, గడువుకి దగ్గర పడింది. వెనకనున్నది కొత్తది, బలంగా ఉంటుంది. పైగా మేస్త్రీ రక్తం ఇచ్చిన రోజు ఆ సంచికి నంబరు వేస్తుంటే ఆయన పక్కనే ఉన్నాడు, గుర్తుంది. మేస్త్రీది. మన మేస్త్రీది.

"కళ్ళు మూసుకుని ఎక్కించెయ్యి అక్కా" అన్నాడు సంచి చేతికిస్తూ. "నేను స్వయంగా చూసింది. నూటికి నూరుపాళ్ళు శుభ్రం."

ముందు వరసలోది ఆ తర్వాత పరంజా మీంచి పడ్డ ఒక పెయింటరుకి వెళ్ళింది.

ఇదంతా డాక్టరమ్మకి చెప్పాడు. ఆవిడ ఒక కాగితం ముందుకి లాక్కుంది.

"వరస తప్పడం తప్పే" అంది. "అది రాసుకుంటాను. కానీ ఒకటి చెప్పండి. మీరు వరస ప్రకారం ఇచ్చుంటే ఆ సంచి ఏమయ్యేది?"

"ఇంకొకరికి పోయేది."

"అంతే కదా. సంచి అక్కడే ఆగిపోదు. అందులో ఏదైనా ఉంటే ఎవరో ఒకరి ఒంట్లోకి వెళ్ళేదే. మీరు ఆ ఎవరో ఒకర్ని మార్చారు, అంతే."

ఓదార్పుగానే అంది. ఆ 'అంతే' మాత్రం ఆయన చెవిలో ముల్లులా ఉండిపోయింది.

ప్రతి దాత తేటలోంచీ కొంత తీసి చిన్న సీసాలో దాచి ఉంచుతారు. మేస్త్రీది బయటికి తీసి పోయినసారి రక్తాన్ని మళ్ళీ పరీక్షించాడు. మోచెయ్యి బల్లకి ఆనించుకున్నాడు. ఎదురుగా రెండు గుంతలు, ఒకటి రోగం ఉన్నదని తెలిసినది, ఒకటి లేదని తెలిసినది. పలక సరిగ్గా పని చేస్తోందని చెప్పడానికి అవి రెండూ ఉంటాయి. మొదటిది పసుపయింది. రెండోది కాలేదు. మేస్త్రీ గుంత?

నీళ్ళలాగే ఉంది.

ఇంకోసారి చేశాడు. నీళ్ళే. తనెక్కడో పొరపాటు చేసి ఉంటానని, గుంత సరిగా కడగలేదనో, మందు పాతదనో, ఏదో ఒకటి దొరుకుతుందని ఆయన ఆశపడ్డాడు. దొరకలేదు. ఆ రోజు పరీక్ష సరిగ్గానే జరిగింది. అదే భయంగా ఉంది. తప్పుంటే దిద్దుకోవచ్చు. తప్పే లేని చోట ఏం దిద్దుకుంటాం?

డాక్టరమ్మ చెప్పి పంపితే లోపలి ఫ్రీజరు తెరిచాడు. మంచు పొగ పాదాల మీదికి జారింది. మేస్త్రీ తేట సంచి లేత పసుపుగా, పలకరాయిలా గట్టిగా ఉంది. అన్ని పరీక్షలూ గట్టెక్కినట్టు దాని మీద చీటీ, చీటీ మీద తన సంతకం. కౌంటరమ్మాయి వెనక నుంచి, "సార్, తలుపు తీసి నిలబడితే మేమూ గడ్డకట్టుకుపోతాం" అని నవ్వింది. ఆయన నవ్వలేదు. తేటలోంచి కొంత తీసి పెద్ద ఊరి ల్యాబుకి పంపాడు. అక్కడ రోగానికి ఒళ్ళు చెప్పే జవాబుని కాక, నేరుగా వైరస్ తాలూకు ముక్కనే పట్టే మిషను ఉంది. మిగతా సంచిని మరగబెట్టి పారేసే డబ్బాలో వేశాడు. డబ్బా మూత పడేటప్పుడు చప్పుడు పెద్దగా ఏమీ రాలేదు. అయినా గదంతా విన్నట్టు అనిపించింది.

"మీ మేనకోడలికి కౌన్సెలరు చేత ఫోను చేయిస్తాను. మీరు వెళ్ళకండి" అంది డాక్టరమ్మ.

"నేనే వెళ్తానమ్మా."

"సరే. కానీ రక్తం ఎవరిదన్నది మీ నోట్లోంచి రాకూడదు. ఇంట్లో కూడా. రేపు మేస్త్రీ అడిగినా ఎవరికి వెళ్ళిందో చెప్పకూడదు."

"తెలుసు."

* * *

మేనకోడలి ఇల్లు ఊరి చివర, మొక్కల నర్సరీని ఆనుకుని ఉంటుంది. ఆమె భర్త ఆ నర్సరీ నడుపుతాడు. ఆయన వెళ్ళేసరికి ఆమె గుమ్మంలో కూర్చుని బిడ్డకి పాలిస్తోంది. అక్క లోపల గుడ్డలు మడత పెడుతోంది.

"ఏంటి మావయ్యా, పనిదినాన దారి తప్పావు? సెలవు పెట్టావా, తరిమేశారా?" అంది మేనకోడలు.

ఆయన చెప్పులు విప్పి అక్కడే నిలబడ్డాడు. దారంతా ఒకటి అనుకుంటూ వచ్చాడు, ముందు భర్తని పిలిచి చెప్పాలి, తర్వాత అక్కకి, ఆఖరున మెల్లగా ఈమెకి. కానీ బిడ్డ గుటకలు వేస్తున్న చప్పుడు వినబడుతోంది.

"అమ్మడూ, పాలు ఆపు."

"ఏం? పాప నిద్రలోకి జారుతోందిగా..."

"ఆపమన్నానా. ముందు ఆపు."

ఆయన గొంతు అలా ఎప్పుడూ లేదు. ఆమె బిడ్డని రొమ్ము నుంచి లాగింది. బిడ్డ కెవ్వుమంది. అక్క పరిగెత్తుకుని వచ్చింది. మట్టి చేతులతోనే భర్తా వచ్చాడు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. పేరు, వరస తప్పిన సంగతి తప్ప అన్నీ చెప్పాడు. 

"అంటే మీరు సరిగ్గా చూడలేదా మావయ్యా?" అన్నాడు భర్త.

"చూశాను బాబూ. నిన్న మళ్ళీ చూశాను. అప్పుడూ ఏం లేదు, ఇప్పుడూ ఆ రక్తంలో ఏం కనబడటం లేదు."

"కనబడకపోతే లేనట్టేగా మరి?"

పరీక్షలాయన నర్సరీ మళ్ళ వైపు చూశాడు. "ఇవాళ పొద్దున ఏం నాటావు?"

"బంతి గింజలు. ఎందుకు?"

"పైనుంచి చూసి ఏ మడిలో గింజ ఉందో, ఏది ఖాళీయో నేను చెప్పగలనా?"

"మొలక లేస్తే చెప్తారు."

"నా పలక కూడా అంతే. రోగం ఒంట్లోకి రాగానే ఒళ్ళు దానికి జవాబు చెప్పదు. అది పెరగాలి, అప్పుడు ఒళ్ళు మేలుకోవాలి. రెండు మూడు వారాలు పట్టొచ్చు. అప్పటిదాకా మడి ఖాళీగానే కనబడుతుంది."

"మట్టి తవ్వి చూడొచ్చు కదా?"

"తవ్వే మిషనూ ఉంది. దాంతో వారం పది రోజుల ముందే పట్టుకోవచ్చు. కానీ మొదట్లో మడంతా కలిపి ఒకటో రెండో గింజలే ఉంటాయి. మనం తవ్వేది గుప్పెడు. ఆ గుప్పెట్లో గింజ పడకపోతే? ఎంత మంచి మిషను వచ్చినా ఆ కొద్ది రోజులు ఎవరికీ అందవు బాబూ. తగ్గించగలం. చెరిపెయ్యలేం."

"ఈ ముక్క ఆ రోజు ఎందుకు చెప్పలేదురా?" అంది అక్క. "నూటికి నూరుపాళ్ళన్నావు. నీ నోటితోనే అన్నావు."

 ఆ మాట ఎవరికీ అనకూడదని కొత్తగా చేరిన వాళ్ళకి నేర్పేది ఆయనే.

మేనకోడలు మాత్రం బిడ్డని భుజాన వేసుకుని ఊపుతూ, చాలా నెమ్మదిగా అంది. "మావయ్యా, పురుడైన మూడో వారంలో నాకు జ్వరం వచ్చింది కదా. ఒళ్ళంతా దద్దుర్లు కూడా. నువ్వే మాత్రలు తెచ్చావు."

గుర్తుంది. బాలింత జ్వరం, పాలు గడ్డకట్టి ఉంటాయి అని తనే అన్నాడు. రోగం మొదట ఒంట్లో విజృంభించినప్పుడు వచ్చే జ్వరం అచ్చం అలాగే ఉంటుందని ఆయన ఎన్నోసార్లు చదివాడు. గుర్తుందని మాత్రం అనలేదు.

మర్నాడు ఆమెకి, భర్తకి, బిడ్డకి రక్తం తీశారు. బిడ్డకి డబ్బాపాలు మొదలెట్టారు. ఆమె రొమ్ములు సలిపి ఏడుస్తుంటే పక్కగదిలో అక్క చెవులు మూసుకుంది.

* * *

అదే వారంలో మేస్త్రీని పిలిపించారు. డాక్టరమ్మ తలుపు వేసి మాట్లాడింది. అతని భార్యకీ పరీక్ష చేశాక, అతనికి రెండోసారి రక్తం తీయడానికి పరీక్షలాయన లోపలికి వెళ్ళేటప్పటికి మేస్త్రీ టోపీ చేతిలో నలుపుతూ కూర్చుని ఉన్నాడు. ముందులా మాట్లాడటం లేదు.

"నేనెక్కడికీ పోలేదమ్మా" అంటున్నాడు. "పని, ఇల్లు. మా ఆవిడకి పరీక్ష చేశారు, ఏం లేదన్నారు. నాకెలా వచ్చింది?"

"సూదులేమైనా వేయించుకున్నారా?"

"పోయినసారే చెప్పాను కదా. నడుం పట్టేస్తే మా సందులో ఆయన ఇంజెక్షన్ ఇచ్చాడని. మీరే రాసుకున్నారు."

డాక్టరమ్మ తలొంచుకుంది. "రాసుకున్నాను. ఏ మందు అని అడిగాను. నొప్పి మందన్నారు, ఫర్వాలేదన్నాను. సూది కొత్తదా అని అడగలేదు."

"ఎవరడుగుతారు అది? నేనూ అడగలేదు. గిన్నెలో నీళ్ళలో ఉంది, తీసి గుచ్చాడు." కొంచెం ఆగాడు. "అదయి వారం కూడా కాకముందే మీ దగ్గరికి వచ్చాను. నడుం తగ్గింది కదా, రక్తం ఇచ్చేద్దామని."

వారం కూడా కాలేదు. పరీక్షలాయన గొట్టం మీద నంబరు రాశాడు. ఆ సూది వల్లేనో, ఇంకెక్కడిదో ఇప్పుడెవరు చెప్పగలరు? అయినా ఆ 'వారం' అన్న మాట గదిలో ఎవరో వచ్చి కూర్చున్నట్టు ఉండిపోయింది.

బయటికి వచ్చాక మేస్త్రీ ఆయన వెనకే నడిచాడు. ఇన్నేళ్ళుగా "గురువుగారూ" అని దూరం నుంచే కేకేసే మనిషి, ఇప్పుడు గుసగుసగా పిలిచాడు.

"గురువుగారూ, పోయినసారిది ఎవరికెళ్ళింది?"

"చెప్పకూడదు మేస్త్రీ."

"పేరొద్దు. మగా, ఆడా?"

"చెప్పకూడదు."

"పోనీ బతికున్నారా? అదొక్కటి చెప్పండి. నాకు అన్నం దిగట్లేదు. కళ్ళు మూస్తే ఎవరో మంచం మీద పడుకున్నట్టు, వాళ్ళకి నేను గొట్టంతో పోస్తున్నట్టు."

పరీక్షలాయన అతని భుజం మీద చెయ్యి వేయబోయి, వేస్తే చెప్పేస్తానేమోనని వెనక్కి తీసుకున్నాడు.

ఆ రోజుల్లోనే హాస్పిటల్ గోడలకి రంగులు వేయిస్తున్నారు. నిచ్చెన మీద, ముందు వరస సంచి ఎక్కిన ఆ పెయింటరే. కాలు కొంచెం ఈడుస్తున్నాడు కానీ పాట ఆపడు. పరీక్షలాయన కనబడితే చాలు, బ్రష్షు ఎత్తి, "మీ బాటిలు వల్లే ఈ బండి నడుస్తోంది సార్!" అని అరుస్తాడు. పరీక్షలాయన తలూపి వెళ్ళిపోతాడు. తలూపుతున్నప్పుడల్లా లోపల ఒక మాట లేస్తుంది. ఆమెకి బదులు నువ్వు కావాల్సింది. ఆ మాట తనదేనని ఒప్పుకోవడానికి ఆయనకి రెండు రోజులు పట్టింది. అది తనదేనని తెలిశాక అటువైపు దారి మానేసి, వెనక గేటు నుంచి రావడం మొదలెట్టాడు. వెనక గేటు దగ్గరా ఆ కొత్త రంగు వాసనే.

మంచినీళ్ళ గ్లాసు చూస్తే రంగు రాని గుంతలా కనబడేది. తాగే ముందు వెలుతురుకి పెట్టి చూసేవాడు. ఇంట్లో వాళ్ళు నలక పడిందేమో అనుకున్నారు.

ఇంతలో పెద్ద ఊరి ల్యాబు నుంచి కబురు వచ్చింది. మేస్త్రీ పాత తేటలో వైరస్ కనబడలేదు. డాక్టరమ్మ స్వయంగా ఆయన బల్ల దగ్గరికి వచ్చి చెప్పింది. "సంతోషించకండి. బాధా పడకండి. కనబడలేదంతే." అయినా ఆయన సంతోషించాడు. ఆ సాయంత్రం పాలడబ్బా కొనుక్కుని మేనకోడలింటికి వెళ్ళి, "తవ్వి చూశారు, గింజ లేదట" అన్నాడు. భర్త ఆయన చేతులు పట్టుకున్నాడు. అక్క చాన్నాళ్ళకి టీ పెట్టింది. మేనకోడలు ఒక్కత్తే "గుప్పెడే కదా తవ్వింది" అని లోపలికి వెళ్ళింది.

ఆమె ఫలితం తర్వాత రోజు వచ్చింది. మూడు రకాల కిట్లతో చూశారు. మూడూ ఒకటే చెప్పాయి. ఉంది.

భర్తకి లేదు. బిడ్డ రక్తంలో నేరుగా వైరస్ కోసమే వెతికారు, ఇప్పటికి లేదు. పాలు ఆపారు కాబట్టి కొన్నాళ్ళు మందు పోసి, మళ్ళీ చూసి, అప్పుడు ఖాయం చేస్తామన్నారు. కడుపుతో ఉన్నప్పుడు చేసిన పరీక్షలో ఆమెకి ఏమీ లేదు. ఇంకే దారీ లేదు, ఆ సంచే.

"మందులు వాడితే మామూలుగా బతుకుతుంది. మనవల్ని ఎత్తుతుంది" అంది డాక్టరమ్మ. అది నిజమే. పరీక్షలాయనకీ తెలుసు. "ఇలా జరగడం ఎంత అరుదో మీకు నేను చెప్పక్కర్లేదు" అని కూడా అంది. లక్షల సంచుల్లో ఒకటి. ఆ ఒకటి ఏ వరసలో, ఎన్నోదిగా కూర్చుంటుందో ఏ పలకా చెప్పదు. తన చెయ్యి సూటిగా దాని మీదికే పోయింది.

ఆ రోజు మేనకోడలికి అదీ చెప్పేశాడు. ముందు వరస దాటి చెయ్యి పెట్టిన సంగతి. ఆమె విని, "మంచిదని తీశావు కదా" అంది. తర్వాత, "ఎవరిది మావయ్యా?" అంది.

"చెప్పకూడదమ్మా."

"వాళ్ళకి తెలుసా?"

"వాళ్ళకి ఉందని తెలుసు. నీకు వచ్చిందని తెలియదు."

"పాపం" అంది. ఎవర్నన్నదో ఆయనకి అర్థం కాలేదు.

* * *

మందులిచ్చే విభాగం హాస్పిటల్ వెనక ఒక వరండా. పొడుగాటి చెక్క బెంచీలు, గోడకి టోకెన్ల బోర్డు. మొదటిసారి మేనకోడల్ని తీసుకుని వెళ్ళింది పరీక్షలాయనే. భర్తకి మొక్కల లోడు ఉంది, అక్క రానంది. బిడ్డ వచ్చింది.

బెంచీలన్నీ నిండి ఉన్నాయి. చివరి బెంచీ మీద ఒక మనిషి వంగి, బెంచీ కాలు అతుకుని బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. ఆ చేతులు చూడగానే పరీక్షలాయన ఆగిపోయాడు. వెనక్కి తిరుగుదామంటే మేనకోడలు అప్పటికే ముందుకు వెళ్ళిపోయింది.

మేస్త్రీ చంటిబిడ్డతో వచ్చిన ఆమెని చూసి గబుక్కున లేచాడు. "కూర్చో తల్లీ. ఊగుతుంది కానీ పడదు. పనివాడు మేకులు కొట్టాడు, కొయ్యచీల పెట్టాల్సింది."

ఆమె నవ్వి కూర్చుంది. అప్పుడు మేస్త్రీ పరీక్షలాయన్ని చూశాడు. ఇక్కడ ఆయనకేం పనో అర్థం కాక, "గురువుగారూ, మీరు...?" అన్నాడు.

"మా మావయ్య" అంది మేనకోడలు. "మీకు తెలుసా?"

"తెలియకపోవడమేం తల్లీ." బిడ్డ వైపు చూశాడు. "ఎన్నో నెల?"

"అయిదోది పడింది."

"పురుడు ఎక్కడ?"

"ఈ హాస్పిటల్లోనే. నెత్తురు పోతుంటే రక్తం ఎక్కించారు. దాంతోనే వచ్చింది నాకు." ఆమె ఈమధ్య ఈ మాట అడగనివాళ్ళకీ చెప్తోంది. ఎవరూ మరోలా అనుకోకూడదని. "ఎవరిదో ఏమో. పాపం, మంచికే ఇచ్చుంటారు."

మేస్త్రీ మెల్లగా తలెత్తి పరీక్షలాయన వైపు చూశాడు. పరీక్షలాయన నేల వైపు చూశాడు. నేల మీద గచ్చు పగిలిన చోట ఒక చీమ తిరుగుతోంది. అది ఆ చివర నుంచి ఈ చివర దాకా నడిచింది. అప్పటికీ మేస్త్రీ చూపు తన మీదే ఉందని తెలుస్తూనే ఉంది.

బోర్డు మీద నంబరు మారింది. అక్కడా పేర్లు పిలవరు. మేనకోడలు లేచి, బిడ్డని అందుకోమని మావయ్య వైపు చేతులు చాచింది. ఆయన కదల్లేకపోయాడు. ఆమె పక్కనే ఉన్న మేస్త్రీ వైపు తిరిగి, "ఒక్క నిమిషం పట్టుకుంటారా?" అంది.

మేస్త్రీ రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

ఆమె మొహం కొంచెం వాడింది. అయినా నవ్వింది. "ఎత్తుకుంటే అంటుకోదండీ. పాపకి ఏం లేదు. మీకేం రాదు."

ఆ మాటకి మేస్త్రీ చేతులు ముందుకు తెచ్చాడు. ఆమె బిడ్డని వాటిలో పెట్టి లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

అంత పెద్ద అరచేతుల్లో బిడ్డ చిత్రిక పట్టిన చిన్న చెక్కలా ఉంది. మేస్త్రీ కదలకుండా నిలబడ్డాడు.

"గురువుగారూ" అన్నాడు. "ఈవిడేనా?"

"చెప్పకూడదు మేస్త్రీ" అన్నాడు పరీక్షలాయన.

ఎప్పుడూ అనే మాటే. ఈసారి అంటుండగానే చూపు బిడ్డ మీదికి పోయింది. మేస్త్రీ ఇంకేం అడగలేదు. నెమ్మదిగా బెంచీ మీద కూర్చున్నాడు. అది ఊగింది. బిడ్డ అతని బొటనవేలు పట్టుకుని నోటికి తీసుకోబోయింది. మేస్త్రీ చటుక్కున వేలు లాగేసుకుని, వెలుతురుకెత్తి, అటూ ఇటూ తిప్పుతూ, ఎక్కడైనా ఉలి గాటుందేమోనని చూసుకోసాగాడు.